అంచున నిలబడ్డ మనిషి

తాతయ్య సాంవత్సరికానికి పది రోజుల ముందు రాజమండ్రి వెళ్లాను. మావయ్యకి అక్కడ నలభై ఏళ్ల నాటి ఫోటో స్టూడియో ఉంది. నేను హైదరాబాద్‌లో బట్టల కేటలాగులకి ఫోటోలు రీటచ్ చేస్తాను. అంటే ఇద్దరిదీ ఒకే కులవృత్తి అనుకోవాలి. కానీ ఆయన చీకటిగదిలో నేర్చుకున్న పని వేరు, నేను కంప్యూటర్ ముందు నేర్చుకున్న పని వేరు.

గోడకి పెట్టించడానికి ఒక ఫోటో ఎంచుకున్నాం. మూడేళ్ల క్రితం కార్తీక మాసంలో, తెల్లవారిన కాసేపటికి, గోదావరి రేవులో మా తమ్ముడు ఫోన్‌తో తీసింది. అమ్మమ్మ మెట్టు మీద కూర్చుని, అప్పుడే నీళ్లలోకి వదిలిన అరటిదొప్ప దీపాన్ని చూస్తోంది. ఆవిడకి కుడిపక్కన తాతయ్య నిలబడి ఉన్నాడు, తల కాస్త వంచి. ఎడమవైపంతా నీళ్లు, కుడివైపు మెట్లు, వెనక దూరంగా వంతెన. తాతయ్య అంత నెమ్మదిగా, అంత సొంతంగా కనిపించే ఫోటో ఇంట్లో మరొకటి లేదు. కాకపోతే కుడి అంచున ఎవరో ఒకాయన. అప్పుడే మునిగి లేచినట్టున్నాడు, తువ్వాలుతో వీపు తుడుచుకుంటున్నాడు. మనిషిలో సగమే ఫ్రేములో పడ్డాడు.

ఆయన్ని తీసేయాలన్న విషయంలో మాకు తేడా లేదు. ఎలా తీయాలన్న దగ్గరే వచ్చింది. ఆ సాయంత్రం సాగిన మాటల్ని గుర్తున్నంత వరకూ రాస్తున్నాను.

మావయ్య: ఇందులో ఆలోచించడానికేముందే? కుడివైపు కోసెయ్. అర నిమిషం పని.

నేను: కోసేస్తే తాతయ్య అంచుకి అతుక్కుపోతాడు మావయ్యా. ఫోటో ఇరుకైపోతుంది. ఆ మనిషిని మాత్రమే తీసి, ఆయన వెనకున్న మెట్లు నింపేస్తాను. ఫ్రేము అలాగే ఉంటుంది.

మావయ్య: ఆయన వెనకున్న మెట్లు నువ్వు చూశావా?

నేను: నేను చూడలేదు. పక్కన ఉన్నవి కనిపిస్తున్నాయిగా, అవే కొనసాగుతాయి. క్లోన్ స్టాంప్ పెట్టి పక్క మెట్ల మీంచి తెచ్చి కప్పుతాను. కావాలంటే Content-Aware Fill ఉంది, అదే చుట్టుపక్కల ముక్కలు వెతికి తెచ్చి నింపుతుంది.

మావయ్య: సరే, చేసి చూపించు. నేను టీ తాగి వస్తాను.

గంటన్నర కూర్చున్నాను. బట్టల ఫోటోల్లో ఈ పని నాకు నిద్రలో కూడా వస్తుంది, ఎందుకంటే అక్కడ వెనక ఉండేది ఒకే రంగు గోడో కాగితమో. రేవు మెట్లు అలాంటివి కావు. కెమెరాకి దగ్గర ఉన్న మెట్టు ఎత్తుగా, దూరంగా ఉన్న మెట్టు సన్నగా కనిపిస్తుంది. మెట్ల అంచులన్నీ దూరాన ఒక చోటికి వాలుతున్నట్టు ఏటవాలుగా పోతాయి. ఎడమనుంచి ఒక ముక్క తెచ్చి కుడివైపు పెడితే మెట్టు ఎత్తు సరిపోదు, అంచు మెట్టు మధ్యలో విరుగుతుంది. ఒక్కో అంచుని విడిగా తిప్పి, సాగదీసి అతికించాల్సి వచ్చింది. Content-Aware Fill చేసినది ఇంకా చిత్రంగా ఉంది: ఒక మెట్టు సగం దూరం వెళ్లి కింది మెట్టులో కలిసిపోయింది.

మావయ్య టీ తాగి వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, తెర ముందు వంగాడు.

మావయ్య: ఇదిగో, ఇక్కడ పాచి మరక. మళ్లీ ఇక్కడ అదే మరక. రెంటికీ కింద అదే పసుపు చుక్క.

నేను: వందశాతానికి పెంచి చూస్తే తెలుస్తుంది. మామూలుగా చూసేవాళ్లు...

మావయ్య: మరకలు కాదు, నీడ చూడు. మనిషి లేడు, మనిషి నీడ ఉంది.

నిజమే. ఎండ కుడివైపు నుంచి పడుతోంది. సూర్యుడు ఇంకా కిందే ఉన్నాడు కాబట్టి ఆయన నీడ పొడుగ్గా సాగి, రెండు మెట్లు దిగి, తాతయ్య పాదాల దాకా వచ్చింది. ఆయన నిలబడిన చోటునే శుభ్రం చేశాను గానీ నీడని గమనించలేదు. తడి మెట్టు మీద ఆయన పంచె తెలుపు మసగ్గా ప్రతిఫలిస్తోంది, అదీ మిగిలిపోయింది.

మావయ్య: చూశావా. నువ్వు తీయాల్సింది ఒకర్ని కాదు, ముగ్గుర్ని. మనిషి, ఆయన నీడ, తడి మెట్టు మీద ఆయన మెరుపు. నీడ తీయాలంటే తాతయ్య కాళ్ల దగ్గర రాతిని మళ్లీ తయారుచెయ్యాలి. ఎండ పడితే ఆ రాయి ఏ రంగులో ఉండేదో నీకు తెలీదు, నాకూ తెలీదు.

నేను: మరి కోసినా ఆ నీడ ఉంటుందిగా మావయ్యా! మీరు మనిషిని కోస్తారు, నీడ ఫ్రేములోనే పడి ఉంటుంది. మీ పద్ధతిలోనూ అదే తప్పు.

మావయ్య: కాదు. బాగా ఆలోచించు. ఫ్రేము మధ్యలో నీడ పుట్టి, అది పుట్టిన చోట ఎవరూ లేకపోతే కన్ను తడబడుతుంది. ఫ్రేము బయట నుంచి లోపలికి వచ్చిన నీడని కన్ను ప్రశ్నించదు. అంచు అవతల ఎవరో ఉన్నారు, అంతే. రేవులో ఆ మాత్రం మనుషులు ఉండరా? నీ ఫోటోలో మెట్లు ఖాళీగా కనిపిస్తున్నాయి, నీడ మాత్రం ఉంది. నా ఫోటోలో ఆ చోటే ఉండదు.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. క్రాప్ అంటే నాకు ఇన్నాళ్లూ తెలిసింది తీసివేత మాత్రమే. ఫోటో చుట్టూ లోకం ఉంటుందనీ, అంచు దాన్ని ఆపుతుందే గానీ లేదనదనీ నేను ఆ కోణంలో చూడలేదు. మనిషిని చెరిపినప్పుడు ఆయన లేడని ఫోటో చెబుతుంది. కోసినప్పుడు ఆయన గురించి ఏమీ చెప్పదు. ఈ రెండూ ఒకటి కావు.

అయినా ఒప్పుకోలేదు.

నేను: మీరన్నట్టే కోద్దాం. చూడండి. ఆయన ఒళ్లు ఇక్కడ మొదలైంది, ఇక్కడ కోశాను. బాగుందా?

మావయ్య: ఇదేంటి?

నేను: ఏది?

మావయ్య: గాల్లో మోచెయ్యి. దాని కింద తువ్వాలు కొస.

ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు. ఆయన ఒళ్లు ఎడమనుంచి లెక్కపెడితే సుమారు 3520వ పిక్సెల్ దగ్గర మొదలవుతుంది. నేను అక్కడ గీత పెట్టాను. కానీ వీపు తుడుచుకుంటున్న చెయ్యి ముందుకి మడిచి ఉంది, మోచేతి మొన 3410 దాకా వచ్చింది.

మావయ్య: కోతలో అందరూ చేసే మొదటి తప్పు ఇదే. మనిషి పోయాడనుకుంటారు, ముక్క మిగులుతుంది. మనిషి మొత్తం ఉంటే ఎవరో పక్కన నిలబడ్డాడని ఊరుకుంటాం. ఒక్క మోచెయ్యి ఉంటే ఎవరిదా అని కన్ను మాటిమాటికీ అక్కడికే పోతుంది. కోసేముందు మనిషిని చూడకు, మనిషిలో అన్నిటికంటే లోపలికి వచ్చిన మొనని చూడు. చెయ్యి, సంచి, చీరకొంగు, గొడుగు కొన. దాని ఇవతల కొయ్యి.

నేను: అంటే 3400. మొత్తం 600 పిక్సెళ్లు పోతాయి. తాతయ్య భుజం 3250 దగ్గర ముగుస్తోంది. ఆయనకీ అంచుకీ మధ్య 150 పిక్సెళ్లే. ఇందాక నేను చెప్పిన ఇరుకు ఇదే మావయ్యా.

మావయ్య: ఆ 150 కాగితం మీద ఎంత?

నేను: ఎంత సైజు ప్రింటు వేస్తున్నారు?

మావయ్య: గోడకి కదా, 12×18.

లెక్క వేశాను. 3400 పిక్సెళ్లని 18 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి సుమారు 189 పిక్సెళ్లు. తాతయ్య భుజం పక్కన మిగిలే ఖాళీ ముప్పావు అంగుళానికి కాస్త ఎక్కువ.

మావయ్య: ముప్పావు అంగుళం గాలి ఉంటే చాలదా? భుజం మీద కొయ్యట్లేదుగా. ముంజేతి దగ్గర, మోకాలి దగ్గర, వేళ్ల దగ్గర గీత పడితే మనిషికి దెబ్బ తగిలినట్టుంటుంది. అలాంటిదేదీ లేదు.

నేను: కానీ సమతూకం? ఎడమవైపు అంత నీళ్లు, కుడివైపు ఏమీ లేదు.

మావయ్య: అమ్మ ఎటు చూస్తోంది?

నేను: ఎడమకి. దీపం వైపు.

మావయ్య: నాన్న?

నేను: ఆయనా అటే.

మావయ్య: మనిషి చూసే వైపు చోటు ఉండాలి, వీపు వైపు కాదు. ఆ మనిషి కుడి అంచున ఉండటం మన అదృష్టం. ఆయన ఎడమ అంచున, నీళ్లలో నిలబడి ఉంటే అప్పుడు కొయ్యమని ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు. దీపం పోయేది.

ఈ మాట ఆయన నోటివెంట వచ్చేసరికి నాకు బలం దొరికినట్టయింది.

నేను: అంటే క్రాప్ పని చేసేది వీలు కుదిరినప్పుడే. వీలు ఎప్పుడూ కుదరదు. ఆ మనిషి వీళ్లిద్దరి మధ్య వెనక్కి నిలబడి ఉంటే మీ కత్తెర ఏం చేస్తుంది?

మావయ్య: ఏమీ చెయ్యలేదు. అంచున ఉన్నవాడి గురించే నేను మాట్లాడుతున్నాను. నీకు చే గువేరా ఫోటో తెలుసుగా?

తెలియనివాళ్లెవరు? నక్షత్రం టోపీ, ఎగిరే జుట్టు, దూరాన్ని చూసే కళ్లు. మా కాలేజీ హాస్టల్లో గోడల మీద, ఊళ్లో ఆటోల వెనక, టీషర్టుల మీద చూసిన ముఖం.

మావయ్య: అది అంచున ఉన్న మనిషిని కోసేస్తే వచ్చిన ఫోటో. 1960 మార్చి 5న హవానాలో తీశాడు, అల్బెర్తో కోర్దా అని క్యూబా ఫోటోగ్రాఫరు. ముందు రోజు రేవులో లా కూబ్ర్ అనే ఓడ పేలి చాలామంది చచ్చిపోయారు. వాళ్ల సంతాప సభ. వేదిక ముందుకి చే కాసేపు వచ్చాడు. కోర్దా చేతిలో లైకా కెమెరా, 90 మిల్లీమీటర్ల లెన్సు. రెండే రెండు ఫ్రేములు తీయగలిగాడు. మొదటిది అడ్డంగా. దాంట్లో చే మధ్యలో ఉన్నాడు, ఎడమ అంచున మరొకాయన పక్క ముఖం, కుడివైపు చెట్టు ఆకులు వేలాడుతున్నాయి. రెండోది నిలువుగా. దాంట్లో చే భుజం మీంచి ఇంకెవరిదో తల పైకి వచ్చింది.

నేను: మొదటిదే వాడాడు.

మావయ్య: మొదటిదే. అటు ఆయన్నీ ఇటు ఆకుల్నీ కోసేశాడు. అడ్డం ఫోటో నిలువు ఫోటో అయింది. రెండోదాన్ని వదిలేశాడు, ఎందుకంటే భుజం మీంచి వచ్చిన తలని కోయడం కుదరదు. కోస్తే చే భుజం పోతుంది. ఒకే మనిషి, ఒకే సభ, వెంటవెంటనే తీసిన రెండు ఫ్రేములు. ఒకటి కోతకి లొంగింది, రెండోది లొంగలేదు. తేడా అంతా పక్కవాడు నిలబడిన చోటులో ఉంది.

నేను: ఆ రోజుల్లో ఆయన దగ్గర ఫోటోషాప్ లేదు మావయ్యా. ఉంటే రెండో తల కూడా తీసేసేవాడు.

మావయ్య: ఫోటోషాప్ లేదుగానీ చెరిపే విద్య ఉంది. మా గురువుగారు నెగటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు తీసేవారు. ప్రింటు మీద సన్న కుంచెతో మరకలు దిద్దేవారు. మనిషి మొత్తాన్ని దిద్ది కనపడకుండా చేసినవాళ్లూ ఉన్నారు. అది రోజంతా పని. అంచున ఉంటే మాత్రం ఎన్‌లార్జర్ కింద ఈజిల్ బ్లేడు జరిపేవాళ్లం. కాంటాక్ట్ ప్రింటు మీద ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కలు ఎదురెదురుగా పెట్టి, జరుపుతూ జరుపుతూ చూసేవాళ్లం, ఎక్కడ ఆపితే ఫోటో ఊపిరి తీసుకుంటుందో. ఆపిన చోట పెన్సిల్‌తో గీత. నెగటివ్‌కి ఏమీ కాదు. రేపు ఎవరైనా ఆ మనిషే కావాలంటే మళ్లీ బ్లేడు వెనక్కి జరపడమే.

అట్టముక్కల సంగతి నాకు నచ్చింది. తెర మీద క్రాప్ చట్రాన్ని లాగుతున్నప్పుడు నేను కోసే ముక్కనే చూస్తాను. అట్టముక్కలతో చూసేవాడు మిగిలే ఫోటోనే చూస్తాడు, ఎందుకంటే పోయేది అట్ట కింద దాక్కుంటుంది. మర్నాడు నేనూ చేసి చూశాను. నాలుగు రకాల కోతలు పది నిమిషాల్లో తేలిపోయాయి.

కానీ ఆ సాయంత్రం నాకు ఇంకో అభ్యంతరం ఉంది.

నేను: అసలు ఫోటో కొలతే మారిపోతోంది. 4000 కి 3000 అంటే 4:3. ఒక్క కుడివైపు కోస్తే 3400 కి 3000, దాదాపు చదరం. ఈ ఆకారంలో ఏ ల్యాబ్‌లోనూ కాగితం ఉండదు. పక్కన తెల్ల పట్టీ వస్తుంది, లేదంటే వాళ్లే ఎక్కడో కోసేస్తారు.

మావయ్య: మీ ఫోన్ ఫోటో ఎప్పుడు కాగితానికి సరిపోయింది? 12×18 అంటే 3:2. నువ్వు ఎవర్నీ తీయకపోయినా 4000 వెడల్పుకి 2667 ఎత్తే పడుతుంది. పైనో కిందో 333 పిక్సెళ్లు ఎలాగూ పోతాయి. వాటిని నువ్వు కోస్తావా, మిషన్ కోస్తుందా అన్నదే తేడా. ఇప్పుడు 3400 వెడల్పుకి ఎత్తెంత?

నేను: 2267. అంటే ఎత్తులో 733 పోవాలి.

మావయ్య: పైన ఆకాశం ఎంత ఉంది?

చాలా ఉంది. మా తమ్ముడు ఫోన్ కాస్త పైకి ఎత్తి తీశాడు. వంతెనకి పైన ఏమీ లేని బూడిదరంగు ఆకాశమే 700 పిక్సెళ్లు. పైనుంచి 500 తీశాం. కిందనుంచి 233. కింద మెట్టు మీద ఎవరివో జత చెప్పులు ఉన్నాయి, నేను వాటిని క్లోన్‌తో తీయాలని అనుకున్న సంగతే మర్చిపోయాను. అవీ పోయాయి. అమ్మమ్మ పాదాల కింద వేలెడు రాయి మిగిలింది.

చూస్తే ఫోటో దగ్గరకి వచ్చినట్టుంది. ముందున్న దాంట్లో ఇద్దరూ రేవులో ఉన్న మనుషులు. ఇప్పుడు వాళ్లే ఫోటో. ఈ సంగతి నేనుగా ఒప్పుకున్నాను, మావయ్య అడగలేదు.

నేను: కానీ క్వాలిటీ తగ్గుతుంది.

మావయ్య: ఎంత?

నేను: కోయకుండా వేస్తే అంగుళానికి 222 పిక్సెళ్లు. కోస్తే 189.

మావయ్య: మనిషిని తీసినందుకు 33 కట్టాం. గోడ మీద ఫోటోని నాలుగైదు అడుగుల నుంచి చూస్తారు. ఆ దూరానికి 189 చాలు, ఇంకా మిగులుతుంది. నువ్వు అతికించిన మెట్లలో మెత్తబడిన చోట్లు దానికంటే ముందు కనపడతాయి. అయితే ఒకటి, ఈ ఫైలు నీకెలా వచ్చింది?

నేను: తమ్ముడి దగ్గర్నుంచి తెప్పించాను. మొదట వాట్సాప్‌లో మామూలుగా పంపాడు, అది 1600 కి 1200 వచ్చింది. డాక్యుమెంట్‌గా పంపమంటే అసలుది వచ్చింది.

మావయ్య: అదీ. ఆ 1600 దాన్ని కోసి ఉంటే?

నేను: అదే లెక్కన 1360 మిగిలేవి. 18 అంగుళాలకి అంగుళానికి 76.

మావయ్య: అప్పుడు అమ్మ కళ్లజోడు అంచు పళ్లరంపంలా ఉండేది. 4×6 కి సరిపోతుంది, గోడకి పనికిరాదు. జనం వచ్చి క్రాప్ చేస్తే మసకబారిందంటారు. మసకబార్చింది క్రాప్ కాదు, అంతకుముందే వాట్సాప్ నాలుగింట మూడు వంతుల పైన పారేసింది. మిగిలిందాన్ని కోశారు.

నాలో రీటచింగ్ చేసే మనిషికి ఇది మింగుడుపడటం కష్టంగానే ఉంది. నా పనిని ఎవరో తక్కువ చేసినట్టు అనిపించింది. అందుకని దాచిపెట్టుకున్న బాణం ఒకటి తీశాను.

నేను: కోసింది పోతుందని మీరనుకుంటున్నారు. పోదు. ఫోన్‌లో క్రాప్ చేసి ఉంచితే చాలా ఫోన్లలో మళ్లీ వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫోటోషాప్‌లో Delete Cropped Pixels అనే చోట టిక్ లేకపోతే ఆ మనిషి ఫైల్లోనే దాక్కుని ఉంటాడు, PSD ఇచ్చామంటే ఇచ్చినవాళ్లకి దొరుకుతాడు. 2023 లో పిక్సెల్ ఫోన్లలో ఒకటి బయటపడింది. వాటి Markup లో స్క్రీన్‌షాట్ కోసి సేవ్ చేస్తే కొత్త చిన్న ఫైలుని పాతదాని మీదే రాసేది, పాతదాని తోక అలాగే మిగిలేది. కోసేసిన భాగం కొంత మళ్లీ తీయగలిగారు. తర్వాత సరిచేశారనుకోండి. నేను చెరిపితే మాత్రం ఆ పిక్సెళ్లే మారిపోతాయి.

మావయ్య: ఇది మంచి మాట. ఒళ్లు తుడుచుకుంటున్న మనిషి ఫోటో మన ఇంటి గ్రూపుల్లో తిరగడం నాకూ ఇష్టం లేదు. కాబట్టి కోసినదాన్ని వేరే పేరుతో JPEG గా బయటకు తీసి అదే పంపు. దాంట్లో కోసేసిన పిక్సెళ్లు ఉండవు. ప్రింటంటావా, కాగితానికి వెనక పొర లేదు.

ఇంక నాకు మిగిలింది ఒకే ఒక్క వాదన. అదే నా అసలు వాదన కూడా.

నేను: మావయ్యా, నిజం చెప్పండి. నేను రోజంతా కూర్చుని నీడా మెరుపూ కూడా తీసేసి, ఒక్క మరక కూడా రెండుసార్లు రాకుండా, ఎవరూ పట్టుకోలేనట్టు చేస్తే? అప్పుడూ కొయ్యమనే అంటారా?

మావయ్య: అంటాను.

నేను: ఎందుకు?

మావయ్య: ఆ మెట్లు నువ్వు గీసినవి కాబట్టి. నాన్న పక్కన ఆ ఉదయం ఉన్న రాయి అది కాదు. నువ్వు ఎంత బాగా చేసినా అది నీ రాయి. కోసిన ఫోటోలో మిగిలిన ప్రతి చుక్కా ఆ రోజు లెన్సులోంచి వచ్చిందే. తక్కువ ఉంది, కానీ ఉన్నది ఉన్నదే. రేపు మీ పిల్లలు ఆ ఫోటో చూసి రేవు అలా ఉండేదా అంటే, అలాగే ఉండేది అని చెప్పొచ్చు.

ఆయన ఆ మాట అంటుంటే నాకు చదువుకునే రోజుల్లో మాకు చెప్పిన ఒక సంగతి గుర్తొచ్చింది, అదే ఆయనకి చెప్పాను. నార్సిసో కొంత్రెరాస్ అనే ఫోటోగ్రాఫర్ 2013 సెప్టెంబరులో సిరియా యుద్ధంలో ఒక తిరుగుబాటుదారుడి ఫోటో తీశాడు. ఎడమవైపు కింది మూలలో తోటి విలేకరి వీడియో కెమెరా పడింది. చూసేవాళ్ల దృష్టి చెదురుతుందని పక్కనున్న నేలని కాపీ చేసి దాన్ని కప్పేశాడు. తర్వాత ఆయనే ఆ సంగతి చెప్పాడు. 2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ ఆయనతో తెగతెంపులు చేసుకుంది, ఆయన ఫోటోలన్నీ అమ్మకం నుంచి తీసేసింది. అంతకుముందు ఏడాదే ఆ సంస్థకి పులిట్జర్ తెచ్చిన బృందంలో ఆయన ఒకడు.

మావయ్య: మూలలో ఉందా?

నేను: మూలలోనే.

మావయ్య: అయ్యో. కోసి ఉంటే సరిపోయేదే.

నిజంగానే ఎవరూ ఏమీ అనేవారు కాదు. వార్తాసంస్థలు ఫ్రేముని కోయడాన్ని ఒప్పుకుంటాయి, ఫ్రేములో ఉన్నదాన్ని చెరపడాన్ని ఒప్పుకోవు. కోత వల్ల అర్థం మారిపోతే అదీ తప్పే, ఎదుటివాడి చేతిలో ఉన్న కర్రని కోసేసి ముఖం మాత్రం చూపిస్తే అది మోసమే. ఈ మాట నేనంటే మావయ్య తల ఊపాడు. మా ఫోటోలో అలాంటిదేమీ లేదు. ఆయన ఎవరో, అమ్మమ్మా తాతయ్యా దీపం వదలడంతో ఆయనకి సంబంధం లేదు.

నేను: ఒప్పుకుంటాను. కానీ అంచున ఉన్నవాడి వరకే. ఆయన చెయ్యి తాతయ్య భుజానికి తగులుతూ ఉన్నా, అమ్మమ్మ వెనక నిలబడి ఉన్నా, నేను క్లోన్ స్టాంపే తీస్తాను.

మావయ్య: తీసుకో. అప్పుడు నేనే నీ పక్కన కూర్చుని నీడ ఎక్కడుందో చెబుతాను.

నేను: నీడని ఉంచేద్దామా?

ఆయన చాలాసేపు చూశాడు. కుడి అంచు నుంచి వచ్చి, రెండు మెట్లు దిగి, తాతయ్య పాదాల దగ్గర ఆగిన నీడ.

మావయ్య: ఉంచెయ్. ఎండ ఎటునుంచి పడుతోందో అదే చెబుతోంది.

ప్రింటుకి పంపే ముందు ఆయన రెండు పనులు చేయించాడు. 4000×3000 అసలు ఫైలుని ఎవరూ ముట్టుకోని ఫోల్డర్‌లో పెట్టించి, పేరులో తేదీ వేయించాడు, ఒళ్లు తుడుచుకుంటున్న మనిషితో సహా. తర్వాత ఫ్రేములు కట్టే అతనికి ఫోన్ చేసి చట్రం లోపలి అంచు ఫోటోని ఎంత కప్పుతుందని అడిగాడు. పావు అంగుళం అన్నాడట. ముప్పావులో పావు పోతే, తాతయ్య భుజం పక్కన అర అంగుళం. మావయ్య తెర మీద ఆ పావు అంగుళం మేర వేలు అడ్డం పెట్టి చూసుకుని, "సరిపోతుంది, వెయ్యి" అన్నాడు.